అమెరికా పంపులో 87 అంటే మన 91 కంటే నాసిరకమా?

కావలి మాస్టారు (కావలి)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి డెన్వర్‌లో ఉంటాడు. వచ్చే నెల నేనూ మా ఇంటావిడా అక్కడికి వెళ్తున్నాం. పోయినసారి వెళ్లినప్పుడు జరిగిన సంగతి ఒకటి ఇంకా తేలలేదు. ఇక్కడ బండ్ల గురించి తెలిసినవాళ్లున్నారు కదా అని అడుగుతున్నా.

కావలిలో నా కారు పెట్రోలు మూత లోపల రాన్ 91 అని స్టిక్కరు ఉంది. మావాడి కారు కూడా అదే కంపెనీది, కాస్త పెద్ద మోడలు. దాని మూత మీద 87 అని ఉంది. అక్కడి పంపులో 85, 87, 91 అని మూడు బటన్లు. వాడు ఆఫీసుకి పోయినప్పుడు నేనే బండి తీసేవాణ్ణి. ఇంటి దగ్గర 91 వాడినవాణ్ణి, 87 పోస్తే పిల్లాడి ఇంజిన్ పాడవుతుందేమోనని మూడు వారాలూ 91 బటనే నొక్కాను. గ్యాలనుకి ఇంచుమించు డాలరు ఎక్కువ. తర్వాత బిల్లులు చూసి వాడు, "నాన్నా, డబ్బులు పొగ గొట్టంలోంచి వదిలావు" అన్నాడు. కారణం అడిగితే మాత్రం వాడికీ తెలియదు, "ఇక్కడందరూ ఇంతే" అన్నాడు.

అసలు ఒకే కంపెనీ కారు మన దేశంలో 91 తాగి, అమెరికాలో 87తో ఎట్టా సరిపెట్టుకుంటుంది? ఈసారి డెన్వర్ నుంచి కాన్సస్ సిటీకి బండిలో వెళ్లే పని కూడా ఉంది, బంధువుల గృహప్రవేశం. అందుకే ముందే తేల్చుకుందామని.

పవర్ బుజ్జి (నెల్లూరు, మాగుంట లేఅవుట్)

మాస్టారూ, చాలా సింపుల్. అమెరికా నంబరుకి 4 కలుపుకోండి. 87కి 4 కలిపితే 91. వాళ్ల లెక్క వేరు, మన లెక్క వేరు, పెట్రోలు ఒకటే. టెన్షన్ వద్దు.

అయితే మీరు 91 పోయడం తప్పేం కాదు. నంబరు ఎక్కువ ఉంటే పవర్ ఎక్కువ, మైలేజీ ఎక్కువ, ఇంజిన్ కూడా క్లీన్ అవుతుంది. నేను నా బండికి ఎప్పుడూ 95 పెట్రోలే. ఆ పికప్ తేడా తొక్కినవాడికే తెలుస్తుంది.

పాత ల్యాబు మనిషి (ఒంగోలు)

బుజ్జీ, మొదటి పేరా ముప్పాతిక రైటు. రెండోది పావు కూడా కాదు. తిట్టానని అనుకోకు, గల్ఫ్‌లో ఒక రిఫైనరీ ల్యాబులో పదకొండేళ్లు నేను ఈ నంబరు తీసే పనే చేశాను.

మాస్టారూ, ఆ నంబరు ఎట్టా పుడుతుందో తెలిస్తే మీ అనుమానం దానంతటదే పోతుంది. ల్యాబులో ఒకే సిలిండరు ఉన్న ఇంజిన్ ఉంటుంది. డిజైను 1920ల చివరి నాటిది. దాని ప్రత్యేకత ఏంటంటే, నడుస్తుండగానే హ్యాండిల్ తిప్పి కంప్రెషన్ పెంచొచ్చు, తగ్గించొచ్చు. శాంపిల్ పెట్రోలు పోసి నడుపుతాం. కంప్రెషన్ పెంచుకుంటూ పోతే ఒకచోట లోపల టక్‌టక్‌మని కొట్టుకోవడం మొదలవుతుంది. అంటే స్పార్క్ మంట చేరకముందే, మిగిలిన పెట్రోలు ఆవిరి ఒత్తిడికీ వేడికీ తనంతట తాను భగ్గుమంటోందన్నమాట. అదే నాకింగ్. ఇప్పుడు అదే ఇంజిన్‌లో ఐసో ఆక్టేన్, హెప్టేన్ అనే రెండు ద్రవాలు కలిపి పోసి పోలుస్తాం. 91 పాళ్లు ఐసో ఆక్టేన్, 9 పాళ్లు హెప్టేన్ కలిపినది మన శాంపిల్‌తో సమానంగా కొట్టుకుంటే, ఆ పెట్రోలు ఆక్టేన్ నంబరు 91. అంతే. ఆ నంబరు చెప్పేది ఒకటే, ఎంత ఒత్తిడి దాకా ఓర్చుకుంటుందని. అందులో ఎంత శక్తి ఉందో అది చెప్పదు.

ఈ పరీక్షను రెండు రకాలుగా చేస్తారు. ఒకటి 600 ఆర్‌పీఎం మీద, కాస్త సుఖంగా. అందులో వచ్చేది రాన్. రెండోది 900 మీద, లోపలికి పోయే మిశ్రమాన్ని 149 డిగ్రీల దాకా కాచి. అందులో వచ్చేది మాన్. రెండోదాంట్లో ఇంజిన్‌ని ఏడిపిస్తాం కాబట్టి అదే పెట్రోలుకి తక్కువ నంబరు వస్తుంది, మామూలుగా 8 నుంచి 10 తక్కువ.

మనవాళ్లు, యూరప్‌వాళ్లు, గల్ఫ్, ఆస్ట్రేలియా రాన్ ఒక్కటే రాస్తారు. అమెరికా, కెనడా రెండింటి సగటు రాస్తాయి. పోయినసారి మీరు చూసి ఉంటారు, పంపు మీద పసుపు స్టిక్కరు, నంబరు పైన చిన్న అక్షరాల్లో `(R+M)/2` అని. దాని అర్థం అదే.

ఇప్పుడు లెక్క వేద్దాం. మన దేశంలో బీఎస్-6 వచ్చినప్పుడు పెట్టిన ప్రమాణంలో మామూలు పెట్రోలుకి రాన్ కనీసం 91, మాన్ కనీసం 81. కూడి సగం చేస్తే 86. అంటే ఆ కనీసం దగ్గర ఉన్న పెట్రోలుని ట్యాంకరులో డెన్వర్ తీసుకెళ్లి అమ్మితే పంపు మీద 86 అని రాయాలి. మీరు నాసిరకం అనుకున్న 87 దానికంటే ఒక మెట్టు పైనే ఉంది. మీరు నొక్కిన 91 బటను మన లెక్కలో దాదాపు 96.

కావలి మాస్టారు

అయ్యో రామా. అయితే నేను మూడు వారాలు పోసింది మన 96తో సమానమా! మావాడికి ఈ ముక్క చూపించకూడదు.

పవర్ బుజ్జి

సరే అన్నా, పవర్ సంగతి వదిలేద్దాం. నేను 4 అన్నాను, నువ్వు లెక్క వేస్తే 5 వచ్చింది. ఏది కరెక్టు?

పాత ల్యాబు మనిషి

రెండూ. రాన్‌కీ మాన్‌కీ మధ్య దూరం 8 అయితే తేడా 4, 10 అయితే తేడా 5. పెట్రోలులో ఏమేం కలిపారు అన్నదాన్ని బట్టి ఆ దూరం మారుతుంది. ఇథనాల్ ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. కిలోమీటర్లని మైళ్లలోకి మార్చినట్టు దీనికి ఒకే గుణకం లేదు. పంపు దగ్గర నిలబడి నిర్ణయించుకోవడానికి 4 నుంచి 5 అనుకుంటే చాలు, అంచుల దగ్గర మాత్రం 5 అనుకోవడం మంచిది.

పవర్ సంగతి వదలకు. నీ బండికి కంపెనీవాడు 91 చాలన్నాడంటే ఆ ఇంజిన్ కంప్రెషన్, స్పార్క్ టైమింగ్ 91కి తగ్గట్టే కట్టారు. ఓర్పు ఎక్కువున్న పెట్రోలు పోస్తే, ఆ ఓర్పుని పరీక్షించే ఒత్తిడే ఆ ఇంజిన్‌లో రాదు. 95 కావాలని రాసి ఉన్న టర్బో బండికి 91 పోస్తున్నవాడు 95కి మారితే తేడా నిజంగానే తెలుస్తుంది. క్లీనింగ్ చేసేది అందులో కలిపే డిటర్జెంటు, ఆక్టేన్ కాదు.

కోవూరు గిరి

అన్నా, మన పంపుల్లో ఇప్పుడు అంతా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే కదా. నా బైకు 2017ది. రబ్బరు పైపులు పోతాయంటున్నారు. 95 పోస్తే ఇథనాల్ ఉండదా? ఎవరైనా చెప్పండి, అర్జెంటు.

పాత ల్యాబు మనిషి

గిరీ, మాస్టారు అడిగింది వేరే, నువ్వడిగింది వేరే. ఒక్క మాట చెప్తా. ఆక్టేన్ నంబరుకీ, ఇథనాల్ లేకపోవడానికీ సంబంధం లేదు. ఇథనాల్ సొంత ఆక్టేన్ బాగా ఎక్కువ, కలిపితే నంబరు పెరుగుతుందే కానీ తగ్గదు. 95 అని రాసి ఉన్నంత మాత్రాన ఇథనాల్ లేదనుకోవద్దు. పైపుల సంగతికి వేరే చర్చ మొదలుపెట్టు.

పవర్ బుజ్జి

అన్నా, ఇక్కడే దొరికావు. ఈ20 వచ్చాక మన మామూలు పెట్రోలే 95 అయిందని 2025లో కేంద్రం చెప్పింది, పేపర్లో చూశాను. మరి నువ్వు ఇంకా 91, 81, 86 అంటున్నావు?

పాత ల్యాబు మనిషి

నువ్వు చదివింది నిజమే, ప్రభుత్వం ఆ మాట చెప్పింది. నేను చెప్పింది మాస్టారి కారు మూత మీద ఉన్న 91 అనే కనీసపు లెక్క. కారు డిజైను చేసినవాడు దాన్నే నమ్ముకుంటాడు. కావలి పంపులో ఈ రోజు పోసే పెట్రోలుని ఇంజిన్‌లో పెట్టి చూస్తే ఎంత వస్తుందో శాంపిల్ తీయకుండా నేను చెప్పను. 95 అయితే నువ్వు లీటరుకి అదనంగా డబ్బులు పెట్టి కొంటున్నది ఏంటో నువ్వే ఆలోచించుకో.

పవర్ బుజ్జి

😐

ఉదయగిరి టు కువైట్

మాస్టారూ, మీరు ఎక్కువ పోసి డబ్బులు పోగొట్టుకున్నారు. నేను తక్కువ పోసి ఉద్యోగం పోగొట్టుకోబోయాను. నా కథ కూడా వినండి.

నేను కువైట్‌లో ఇంటి డ్రైవర్‌ని, ఇప్పటికి తొమ్మిదేళ్లు. మూడేళ్ల కిందట మా సేఠు ఒక పెద్ద ఎస్‌యూవీ తెప్పించాడు. ఇక్కడి షోరూమ్ బండి కాదు, అమెరికాలో ఒకరు వాడినదాన్ని ఓడలో దింపించాడు. టర్బో బండి. పెట్రోలు మూత లోపల ఇంగ్లీషులో ప్రీమియం మాత్రమే, కనీసం 91 అని ఉంది. కువైట్ పంపులో మూడు రకాలు. ప్రీమియం అంటే 91, సూపర్ అంటే 95, అల్ట్రా అంటే 98. నేను చూశాను. మూత మీద ప్రీమియం 91, పంపు మీద కూడా ప్రీమియం 91. పేరు కలిసింది, నంబరు కలిసింది. ఇంకేం కావాలి? కళ్లు మూసుకుని అదే పోయించాను.

చలికాలం అంతా బాగానే ఉంది. జూన్ వచ్చింది, ఎండ 48. ఏసీ ఫుల్లుగా పెట్టి, బండి నిండా పిల్లలు, సిగ్నల్ దగ్గర నుంచి లాగేటప్పుడు ఇంజిన్‌లో రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు శబ్దం. పికప్ సచ్చిపోయింది. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది. సేఠు నన్ను అనుమానించాడు, పెట్రోలు డబ్బుల్లో నేనేదో చేస్తున్నానని. గ్యారేజీ ఒకదాంట్లో స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ మార్చారు, తగ్గలేదు. చివరికి ఒక ఫిలిప్పీన్స్ మెకానిక్ మూత తెరిచి స్టిక్కరు చూసి నవ్వాడు. "98 పొయ్యి, రెండు ట్యాంకులు అయ్యాక రా" అన్నాడు. మళ్లీ వెళ్లే పని పడలేదు. ఎందుకని అడిగితే "అమెరికన్ నంబర్ డిఫరెంట్" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఈ రోజు ఇక్కడ చదివాక అర్థమైంది.

పాత ల్యాబు మనిషి

ఈ చర్చ మొత్తంలో దాచుకోవాల్సిన పోస్టు ఇదే. అన్నీ కలిసినట్టు కనపడి అంతా తప్పిపోయిన కేసు.

మూత మీది 91 అమెరికా సగటు. రాన్‌లో 95 నుంచి 96 కావాలని అర్థం. తమ్ముడు పోసింది రాన్ 91, అమెరికా లెక్కలో 86 చుట్టుపక్కల. అంటే బండి అడిగినదానికంటే ఐదు మెట్లు తక్కువ. చలికాలంలో ఎందుకు బయటపడలేదంటే, చల్లగాలి లోపలికి పోతుంది, సిలిండరులో వేడి తక్కువ. పైగా ఇప్పటి ఇంజిన్లకి నాక్ సెన్సార్ ఉంటుంది. అది కొట్టుకోవడం వినగానే స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది, టర్బో ఒత్తిడి తగ్గిస్తుంది. మనకి శబ్దం వినపడదు, పికప్ తగ్గడం, పెట్రోలు ఎక్కువ తాగడం మాత్రమే తెలుస్తాయి. ఎండాకాలం వచ్చేసరికి ఆ సెన్సార్ సర్దుబాటు హద్దు కూడా దాటిపోయింది, అప్పుడు గులకరాళ్లు. ఆ శబ్దంతో నెలల తరబడి నడిపి ఉంటే పిస్టన్ పగిలేది. సమయానికి దొరికాడు ఆ మెకానిక్.

ఇక పేర్ల సంగతి. కువైట్‌లో ప్రీమియం అంటే అన్నింటికంటే కింద ఉన్నది. అమెరికాలో ప్రీమియం అంటే పైది. సూపర్ అంటే కువైట్‌లో 95, పక్కనే దుబాయ్‌లో సూపర్ 98. పేరు చూసి పోయించుకునేవాడికి ఏ దేశమూ గ్యారంటీ ఇవ్వదు. మూత మీద నంబరు పక్కన రాన్ అని ఉందా, `(R+M)/2` అని ఉందా చూడాలి. ఏమీ లేకుండా ఉత్త 87 ఉంటే అది మామూలుగా అమెరికా లెక్కే. ఉత్త 91 ఉంటేనే ప్రమాదం, ఎందుకంటే రెండు లెక్కల్లోనూ ఆ నంబరు ఉంది. అప్పుడు బండి ఏ దేశపు మార్కెట్టుకి తయారైందో చూడాలి.

ఉదయగిరి టు కువైట్

98 పోస్తున్నా ఇప్పటికీ. 95 సరిపోదా అన్నా? సేఠు అడుగుతున్నాడు, రేటు తేడా బాగా ఉంది.

పాత ల్యాబు మనిషి

అంచు మీద ఉంది. యూరప్ ప్రమాణంలో 95కి మాన్ కనీసం 85, సగటు 90. మీ బండికి కావలసింది 91. కువైట్ 95కి మాన్ ఎంతో చూడకుండా చెప్పడం కష్టం. చలికాలంలో 95, ఎండాకాలంలో 98 అని కొందరు వాడతారు. టర్బో బండి, 48 డిగ్రీల ఎండ అంటే నేనైతే 98కే ఓటేస్తాను.

ఫ్రిస్కో నెల్లూరోడు (టెక్సస్)

మాస్టారూ, నాది అల్లూరు, ఇక్కడ పద్నాలుగేళ్లుగా ఉంటున్నా. మీకు రెండు విషయాలు.

ఒకటి, దారిలో కొన్ని పంపుల్లో 88 అని ఒక బటన్ కనపడొచ్చు, 87 కంటే చవగ్గా. ఏంటి, నంబరు ఎక్కువ, ధర తక్కువ అని ఆశపడతాం. అందులో ఇథనాల్ 15 శాతం. 2001 మోడలు, ఆ తర్వాతి కార్లకి ప్రభుత్వం అనుమతించింది కానీ, కారు కంపెనీ మాన్యువల్‌లో కూడా ఒప్పుకుని ఉండాలి. ఇంకోటి ఈ85, చాలాచోట్ల పసుపు రంగు గొట్టం. సగానికి పైన ఇథనాలే. ఫ్లెక్స్ ఫ్యూయెల్ అని రాసి లేని బండికి అది పోయకూడదు. మా ఆఫీసులో కొత్తగా వచ్చిన ఒకబ్బాయి చవకని ఫుల్ ట్యాంక్ కొట్టించాడు, పది మైళ్లు పోకముందే ఇంజిన్ లైటు వెలిగింది.

రెండోది, డెన్వర్‌లో 85 ఉంటుంది కదా, అదే పోయండి. అది ఎత్తు ప్రదేశం, గాలి పలచన, అక్కడ 85 అంటే కింద 87తో సమానం. అందరూ అదే పోస్తారు.

కావలి మాస్టారు

మావాడూ అదే అంటాడు. కానీ మూత మీద 87 కనీసం అని ఉంది బాబూ. కొండ మీద ఉన్నామని మూత మీది అంకె మారుతుందా?

పాత ల్యాబు మనిషి

మాస్టారు సరిగ్గా పట్టుకున్నారు.

ఆ 85 వెనక నిజముంది, అయితే పాత నిజం. డెన్వర్ 1,600 మీటర్ల ఎత్తు. సముద్రం పక్కనున్న మన కావలితో పోలిస్తే అక్కడ గాలి ఒత్తిడి ఆరో వంతుకి పైగా తక్కువ. సిలిండరులోకి పోయే గాలి తగ్గితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది, నాకింగ్ తగ్గుతుంది. కార్బురేటర్ రోజుల్లో 85 అక్కడ నిజంగానే సరిపోయేది. ఇప్పటి ఇంజిన్లలో కంప్యూటర్ గాలిని కొలిచి, అక్కడి గాలికి తగ్గట్టు స్పార్క్‌ని ముందుకు జరుపుకుంటుంది. కొండ మీద మిగిలిన ఆ ఓర్పుని ఇంజిన్ ముందే వాడేసుకుంటుంది. ఇక టర్బో ఉంటే పలచని గాలిని కూడా కుక్కి లోపలికి పంపుతుంది, దానికి ఎత్తు లెక్కే లేదు. అందుకే చాలా కంపెనీల మాన్యువల్స్ 87కి తక్కువ వద్దంటాయి, కొన్నిట్లో 85 పేరు పెట్టి మరీ వద్దని ఉంటుంది.

ఫ్రిస్కో నెల్లూరోడు

అన్నా, థియరీ బాగుంది. కానీ డెన్వర్‌లో లక్షల కార్లు 85 తోనే నడుస్తున్నాయి కదా. మా బావ క్యామ్రీకి పదేళ్లుగా అదే. ఏమీ కాలేదు.

పాత ల్యాబు మనిషి

కాకపోవచ్చు. టర్బో లేని మామూలు ఇంజిన్, నెమ్మదిగా ఊళ్లో తిరిగేది అయితే సెన్సార్ సర్దుకుంటుంది. మైలేజీ కాస్త తగ్గినా మీ బావ కొలిచి ఉండడు. ఇంజిన్ పోతుందని నేననలేదు. మాస్టారు డెన్వర్‌లో ఉండిపోవడం లేదు, అదీ నా భయం. ఫుల్ ట్యాంక్ 85 పోయించి కాన్సస్ సిటీ వైపు బయలుదేరితే దారంతా దిగుడే, చివరికి 300 మీటర్ల లోపు ఎత్తుకి వస్తారు. గాలి చిక్కబడుతుంది, ట్యాంకులో మాత్రం అదే 85. అందులో నలుగురు మనుషులు, సామాన్లు, ఎండ.

మాస్టారూ, ఒకవేళ మీ అబ్బాయి ముందే 85 పోయించి ఉంటే ట్యాంకు ఖాళీ చేయక్కర్లేదు. పెట్రోలు కలిస్తే నంబరు కూడా ఇంచుమించు పాళ్ల ప్రకారమే కలుస్తుంది. ట్యాంకు 14 గ్యాలన్లు అనుకుందాం. అందులో 9 గ్యాలన్లు 85 మిగిలి ఉంది. పైన 5 గ్యాలన్లు 91 పోయించండి. తొమ్మిదిళ్ల 85 అంటే 765, ఐదిళ్ల 91 అంటే 455. మొత్తం 1,220. దాన్ని 14తో భాగిస్తే 87 దాటుతుంది. అంటే ట్యాంకులో మూడింట రెండొంతుల దాకా 85 ఉన్నా, మిగిలింది 91తో నింపితే గట్టెక్కుతారు. మీరు 91 బటన్ నొక్కడానికి న్యాయమైన కారణం దొరికింది చూడండి.

కావలి మాస్టారు

ఎనిమిదో తరగతి మిశ్రమాల లెక్క! ముప్పై ఏళ్లు పాలూ నీళ్లతో చెప్పాను, పెట్రోలుతో చెప్పి ఉంటే పిల్లలు ఇంకాస్త వినేవాళ్లేమో.

చీమకుర్తి డంపర్

మాది డీజిల్. మాకు ఈ గోల లేదు. 😄

సింగరాయకొండ సుజాత (బర్మింగ్‌హామ్)

డంపర్ అన్నా, గోల అంతా డీజిల్‌తోనే. ఇంగ్లండ్‌లో, యూరప్‌లో అద్దె కారు తీసుకునేవాళ్లకి ఆక్టేన్ పెద్ద సమస్య కాదు, పంపులో మామూలుగా దొరికేదే 95. మామూలు బండికి అది ఎక్కడైనా చాలు. అసలు దెబ్బ ఏ గొట్టం అన్న దగ్గర తగులుతుంది.

మా తోడికోడలు వాళ్లు అమెరికా నుంచి వచ్చారు. ఇద్దరం కలిసి అద్దె కారులో స్కాట్లాండ్ వెళ్లాం. వాళ్ల దేశంలో ఆకుపచ్చ గొట్టం అంటే చాలాచోట్ల డీజిల్. ఇక్కడ ఆకుపచ్చ అంటే పెట్రోలు, నల్లది డీజిల్. మాకిచ్చింది డీజిల్ బండి. మా మరిది అలవాటు కొద్దీ ఆకుపచ్చది తీసి పోశాడు. డీజిల్ గొట్టం లావు, పెట్రోలు బండి మూతలో దూరదు. పెట్రోలు గొట్టం సన్నం, డీజిల్ బండిలో హాయిగా దూరుతుంది. పోయడం అయ్యాక బిల్లు చూసి గుర్తుపట్టాం. మంచి పని ఏంటంటే తాళం తిప్పలేదు. తిప్పి ఉంటే పెట్రోలు పంపు గుండా ఇంజెక్టర్ల దాకా పోయేది. బండి తోసి పక్కన పెట్టి, ట్యాంకు తోడేవాళ్లని పిలిపించాం. ఆ ఖర్చు అద్దె కంపెనీ ఇన్సూరెన్స్‌లో రాలేదు, మేమే పెట్టుకున్నాం.

స్పెయిన్ వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్త. అక్కడ గాసోలినా అంటే పెట్రోలు, గాసోలియో అంటే డీజిల్. చివర్లోనే తేడా. యూరప్‌లో 2018 నుంచి పంపు మీదా కొత్త బండి మూత లోపలా ఒకే గుర్తు వేస్తున్నారు. గుండ్రంలో ఇంగ్లీషు E అక్షరం ఉంటే పెట్రోలు, చతురస్రంలో B అక్షరం ఉంటే డీజిల్. భాష రాకపోయినా ఆకారం చూసి పోసుకోవచ్చు.

కోవూరు గిరి

గుండ్రంలో ఈ10 అంటే ఆక్టేన్ 10 ఆ అక్కా?

సింగరాయకొండ సుజాత

కాదు తమ్ముడూ, ఇథనాల్ 10 శాతం దాకా అని. ఆక్టేన్ పక్కన వేరేగా 95 అని ఉంటుంది. నీ బైకు ఈ20 కూడా ఆ వరసలోదే.

పవర్ బుజ్జి

మాస్టారూ, నాక్ అవుతుందో లేదో మీరే చూసుకోవచ్చు. శ్రీశైలం వెళ్లేటప్పుడు దోర్నాల దాటాక ఘాటు ఎక్కుతాం కదా, అక్కడ పెద్ద గేరులో ఉంచి తొక్కితే మా పాత కారు టకటకమనేది. గేరు దించగానే ఆగేది. నేను అప్పటి నుంచే 95 పోయడం మొదలుపెట్టా. ల్యాబు అన్న ఏమంటాడో తెలుసు, కానీ ఆ కారుకి నిజంగానే తగ్గింది.

పాత ల్యాబు మనిషి

పాత కారు, లోపల మసి పేరుకుని ఉంటే కంప్రెషన్ పెరిగినట్టే లెక్క. దానికి 95 పని చేసి ఉంటుంది, ఒప్పుకుంటున్నా. ఇప్పుడున్న కొత్త కారుకి ఎందుకు పోస్తున్నావో అదే నాకు అర్థం కానిది.

పవర్ బుజ్జి

అలవాటు అన్నా.

కావలి మాస్టారు (ఏడు వారాల తర్వాత)

తిరిగొచ్చాం. అడిగి ఊరుకుంటే బాగుండదని చెప్తున్నా.

దిగగానే మావాడి బండి మాన్యువల్ తెరిపించాను. కనీసం 87, అంతకంటే తక్కువ వద్దు అని స్పష్టంగా ఉంది. ఎత్తు ప్రదేశం ప్రస్తావనే లేదు. వాడు 85 పోయించి నాలుగేళ్లు నడిపాడు, ఏమీ కాలేదు. అందుకని వాడికి నా మాట నచ్చలేదు. బయలుదేరే ముందు రోజు ట్యాంకులో సగానికి పైన 85 ఉంది. లెక్క వేసి చూపించి పైన 91 నింపించాను. ఆ తర్వాత రెండుసార్లు 87. ఒక పంపులో 88 బటన్ నిజంగానే కనపడింది, చవకే. మాన్యువల్‌లో 15 శాతం ఇథనాల్ ఒప్పుకున్నారో లేదో ఫోనులో వెతికేలోపు వెనక బండి హారన్ కొట్టింది, 87 నొక్కేశాను.

పోయేటప్పుడు మైలేజీ మావాడు ఎప్పుడూ చూసేదానికంటే బాగా వచ్చింది. వాడు దిగుడు కదా అన్నాడు. వచ్చేటప్పుడు ఎక్కుడు, 87 తోనే వచ్చాం, అప్పుడు తగ్గింది. కాబట్టి పెట్రోలు వల్లనా, దిగుడు వల్లనా తేలలేదు.

ఫ్రిస్కో నెల్లూరోడు

దిగుడు వల్లే మాస్టారూ. మా బావ క్యామ్రీకి ఇంకా 85యే.

ఉదయగిరి టు కువైట్

మా సేఠు బండి అమ్మేశాడు. కొత్తది ఇక్కడి షోరూమ్‌దే తీసుకున్నాడు. మూత మీద రాన్ 95 అని పెద్దగా ఉంది. కొనేముందు నన్నే పంపి చూడమన్నాడు.